మాట ఇచ్చింది ఒకరు, నిలబెట్టాల్సింది మరొకరు

సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థల్లో కొత్త కస్టమర్ సంతకం పెట్టిన రోజునే మనుషులు మారిపోతారు. అప్పటిదాకా వారాల తరబడి ఫోన్లు చేసి, డెమోలు చూపించి, ధర దగ్గర బేరమాడిన సేల్స్ ఉద్యోగి ఇంకో ఊళ్లో ఇంకో బేరం చూసుకోవడానికి వెళ్లిపోతాడు. కొన్నదాన్ని నడిపించి చూపాల్సిందీ, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఫోనెత్తి జవాబు చెప్పాల్సిందీ సపోర్ట్ బృందం. బేరం కుదిరిన గదిలో ఎవరు ఏమన్నారో ఆ బృందానికి తెలియదు. కస్టమర్‌కు మాత్రం ఈ రెండు విభాగాల తేడాతో పని లేదు. తనతో మాట్లాడింది సంస్థే, మాట ఇచ్చిందీ సంస్థే. సేల్స్ నుంచి సపోర్ట్‌కు కస్టమర్‌ను అప్పగించే పని సరిగా జరగనప్పుడు మొదటి నెలలోనే రెండు మాటలు వినిపిస్తాయి. కస్టమర్ ‘ఇది ఉందన్నారు కదా’ అంటాడు. సపోర్ట్ ‘మాకు ఎవరూ చెప్పలేదండీ’ అంటుంది.

ఒప్పంద పత్రం ఉంది కదా, అందులో చూసుకుంటే సరిపోదా అనిపించవచ్చు. సరిపోదు. ఎంతమందికి, ఎంత ధరకు, ఎన్నేళ్లకు, పన్ను ఎంత అన్నవే ఆర్డర్ ఫారంలో ఉంటాయి. కస్టమర్ ఏ మాట విని సంతకానికి ఒప్పుకున్నాడో అందులో ఉండదు. పైగా చాలా ఒప్పందాల చివర ‘ఈ పత్రంలో ఉన్నదే పూర్తి ఒప్పందం, నోటిమాటలు చెల్లవు’ అనే షరతు ఒకటి కనిపిస్తుంది. వివాదం వస్తే అది సంస్థకు కొంత రక్షణ ఇస్తుంది. అయితే ఏజెంటు చేసినదానికి యజమాని ఎప్పుడు బాధ్యుడవుతాడో కూడా 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం చెబుతుంది కాబట్టి, ఆ షరతును నమ్ముకుని నిశ్చింతగా ఉండటానికి లేదు. అయినా ఇలాంటి చిన్న తగాదాలు కోర్టు దాకా వెళ్లడం అరుదు. కస్టమర్ రెండో ఏడాది డబ్బు కట్టడు, తోటివాళ్లకు చెబుతాడు, అంతే. ఏడాది చందాల మీద నడిచే సాఫ్ట్‌వేర్ వ్యాపారంలో ఇదే పెద్ద దెబ్బ. ఎందుకంటే మొదటి ఏడాది వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం అమ్మడానికీ, ఏర్పాటు చేయడానికీ అయిన ఖర్చుకే పోతుంది. మిగులు కనిపించేది తరచు రెండో ఏడాది నుంచే.

ఒక ఊహాత్మక ఉదాహరణతో విషయం తేలిగ్గా అర్థమవుతుంది. హైదరాబాద్‌లో ఒక చిన్న సంస్థ బడులకు సాఫ్ట్‌వేర్ అమ్ముతుందనుకుందాం. అడ్మిషన్లు, హాజరు, ఫీజు రసీదులు, తల్లిదండ్రులకు ఎస్సెమ్మెస్‌లు అన్నీ అందులోనే. ఒక జిల్లా కేంద్రంలో 1,200 మంది పిల్లలున్న ప్రైవేటు బడి దాన్ని కొంది. పిల్లవాడికి ఏడాదికి 150 రూపాయల చొప్పున 1,80,000 రూపాయలకు బేరం కుదిరింది. సంతకం మే 18న జరిగింది. వేసవి సెలవుల తర్వాత తెలుగు రాష్ట్రాల్లో బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. చేతిలో ఉన్నది మూడున్నర వారాలు.

సంతకానికి ముందు సేల్స్ ఉద్యోగి కరస్పాండెంట్‌కు నాలుగు మాటలు ఇచ్చాడు. బడి తెరిచిన రోజు నుంచే పిల్లవాడు రాకపోతే ఇంటికి తెలుగులో ఎస్సెమ్మెస్ వెళ్తుందన్నాడు. గత మూడేళ్ల ఫీజు బకాయిలు ‘మొత్తం మేమే ఎక్కిస్తాం సార్’ అన్నాడు. రసీదులో బస్సు ఫీజు విడిగా, అన్నదమ్ములకిచ్చే రాయితీ విడిగా కనిపించాలని కరస్పాండెంట్ అడిగితే ‘చిన్న మార్పే సార్, చేసిచ్చేస్తాం’ అన్నాడు. ఎప్పుడు ఫోన్ చేసినా పలుకుతామన్నాడు. వీటిలో ఏదీ మోసం చేయాలని అన్నది కాదు. తనకు తెలిసినంతలో అవన్నీ అయ్యే పనులే. కానీ ఆర్డర్ ఫారంలోకి చేరింది ఇంతే: 1,200 మంది విద్యార్థులు, ఎస్సెమ్మెస్ ప్యాకేజీ, పాత డేటా ఎక్కింపు, సపోర్ట్. సపోర్ట్ బృందానికి వాట్సాప్‌లో వచ్చింది ఇంకా చిన్నది: ‘కొత్త స్కూల్. జూన్ 12కి రెడీ కావాలి. అర్జెంట్. సార్ మంచి మనిషి, జాగ్రత్తగా చూసుకోండి.’

ఈ నాలుగు మాటల్లో మొదటిది పైకి అతి తేలిగ్గా కనిపిస్తుంది, కానీ అన్నిటికన్నా చిక్కు అందులోనే ఉంది. సంస్థలు జనానికి పంపే ఎస్సెమ్మెస్‌లకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనలు వర్తిస్తాయి. సందేశం ఎవరి పేరున వెళ్తుందో ఆ సంస్థ, అంటే ఇక్కడ బడి, ఏదో ఒక టెలికాం కంపెనీ నడిపే డీఎల్‌టీ పోర్టల్‌లో తన పాన్ తదితర పత్రాలతో నమోదు కావాలి. తర్వాత సందేశం పైన కనిపించే పొట్టి పేరుకు, అంటే హెడర్‌కు, అనుమతి తెచ్చుకోవాలి. ఆపైన, పంపబోయే ప్రతి రకం సందేశానికీ ఒక నమూనా రాసి, అందులో మారే భాగాలు ఎక్కడున్నాయో గుర్తించి, ముందే ఆమోదం పొందాలి. ఆమోదించిన నమూనాతో సరిపోలని సందేశాన్ని నెట్‌వర్క్ దారిలోనే ఆపేస్తుంది. ఇదంతా సాఫ్ట్‌వేర్ సంస్థ తన పేరున చేసిపెట్టే పని కాదు. బడి కాగితాలు కావాలి, బడి తరఫున సంతకం చేసే అధికారం ఉన్న మనిషి కావాలి. నమూనా ఒకసారి తిరస్కరణకు గురైతే సరిదిద్ది మళ్లీ పెట్టాలి. మే నెలాఖరున బడి ఆఫీసు సగం ఖాళీగా ఉన్నప్పుడు ఆ కాగితాలు దొరకడానికే వారం పట్టవచ్చు.

ఇందులోనే మరో చిక్కు ఉంది. ఇంగ్లిష్ అక్షరాలతో రాసిన ఎస్సెమ్మెస్ 160 అక్షరాల వరకు ఒక సందేశంగా లెక్కకొస్తుంది. తెలుగులో రాస్తే ఆ హద్దు 70. అది దాటితే సందేశం ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకు 67 మాత్రమే. ఈ లెక్కలో గుణింతపు గుర్తులూ, పొల్లులూ, ఖాళీలూ విడివిడిగా ఒక్కో అక్షరం కిందే వస్తాయి. ‘మీ అబ్బాయి ఈ రోజు పాఠశాలకు రాలేదు.’ అన్న చిన్న వాక్యానికే 34 అవుతాయి. దానికి పిల్లవాడి పేరు, తరగతి, తేదీ, బడి పేరు చేరిస్తే 70 దాటడం ఖాయం. అప్పుడు ఒక్క కబురు రెండు ఎస్సెమ్మెస్‌ల ఖరీదవుతుంది. సేల్స్ ఉద్యోగి నెలకు తల్లిదండ్రులకు సగటున ఐదు కబుర్లనుకుని, 1,200 మందికి 6,000 సందేశాల ప్యాకేజీ రాశాడు. తెలుగులో పంపితే కావాల్సింది 12,000. నెల సగంలోనే ప్యాకేజీ అయిపోతుంది, మిగతా సగానికి అదనపు బిల్లు వెళ్తుంది. కరస్పాండెంట్‌కు అది మోసంలాగే కనిపిస్తుంది. డెమోలో చూపించిన సందేశం ఇంగ్లిష్‌లో ఉంది కాబట్టి ఈ తేడా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

గమనించాల్సిన సంగతి ఏమిటంటే, ఈ రెండు చిక్కులూ సపోర్ట్ బృందంలో ఏ పాత ఉద్యోగిని అడిగినా ఒక్క నిమిషంలో చెప్పగలిగేవే. ఎన్ని బడులకు డీఎల్‌టీ నమోదు చేయించారో, ఎన్నిసార్లు నమూనాలు వెనక్కొచ్చాయో వాళ్లకే తెలుసు. వాళ్లను సంతకం తర్వాత పిలిచారు. అందుకే ఈ రంగంలో అనుభవం ఉన్నవారు అప్పగింతను సంతకం తర్వాతి పనిగా చూడరు. కొటేషన్ తుది రూపానికి వచ్చినప్పుడే, ఏర్పాటు పని చూసే బాధ్యురాలో బాధ్యుడో దాన్ని ఒకసారి చదివి, ‘ఇది అవుతుంది, ఇది అవ్వాలంటే కస్టమర్ ఇది ఇవ్వాలి, ఇది ఈ తేదీకి కాదు’ అని పక్కన రాసివ్వాలి. దానికి పట్టేది గంటలోపు సమయం. సేల్స్ వాళ్లు దీన్ని బేరానికి అడ్డంగా భావించి తప్పించుకుంటారు. అందుకే ఆ గీటు లేకుండా కొటేషన్ బయటికి వెళ్లకూడదన్న నియమం పెట్టాల్సింది విభాగాల కన్నా పైనున్న యజమాని. సపోర్ట్ వాళ్లు బతిమాలితే ఇది జరగదు.

రెండో మాట, పాత బకాయిల సంగతి, వేరే రకంగా తేడా కొడుతుంది. ‘మేమే ఎక్కిస్తాం’ అన్నప్పుడు సేల్స్ ఉద్యోగి ఊహించింది ఒక ఎక్సెల్ ఫైలు. బడిలో ఉన్నది గత ఏడాది ఎక్సెల్, అంతకు ముందు ఏడాది పాత సాఫ్ట్‌వేర్ నుంచి తీసిన ప్రింట్లు, మొదటి ఏడాది చేత్తో రాసిన లెడ్జరు. ఒకే పిల్లవాడి పేరు ఇంగ్లిష్‌లో ఒకచోట ఒక స్పెల్లింగుతో, మరోచోట ఇంకో స్పెల్లింగుతో ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. అడ్మిషన్ నంబరు కొన్నిచోట్ల లేనేలేదు. ఈ ఇద్దరూ ఒకే పిల్లవాడా, కాదా అని తేల్చగలిగింది హైదరాబాద్‌లో కూర్చున్న సపోర్ట్ ఉద్యోగి కాదు, బడి ఫీజు కౌంటర్‌లో పదేళ్లుగా ఉన్న గుమాస్తా. కాబట్టి ఈ వాగ్దానాన్ని సపోర్ట్‌కు అప్పగించేటప్పుడు రెండుగా విడగొట్టి అప్పగించాలి. సంస్థ ఇచ్చిన పట్టికలో వివరాలు నింపి ఫలానా తేదీకి బడి ఇవ్వాలి, దాన్ని ఎక్కించే పని సంస్థది. పని పూర్తయిందో లేదో తేల్చడానికి ఒక కొలత కూడా ముందే ఒప్పుకోవాలి. ఇలాంటి చోట నమ్మదగిన కొలత తరగతివారీ మొత్తం. ఏడో తరగతి బకాయి పాత పుస్తకంలో ఎంతో కొత్త సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే ఉండాలి. తేడా వస్తే ఆ తరగతి వరకు పేర్లు ఒక్కొక్కటిగా చూడాలి. ఈ ఫైళ్లు ఎవరి సొంత వాట్సాప్‌లోనూ తిరగకూడదన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అవి పిల్లల వివరాలు.

మూడోది అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట, ఎందుకంటే అది ఇంకా లేనిదాన్ని అమ్మింది. రసీదులో రెండు వరుసలు చేర్చడం కంటికి చిన్న మార్పే. కానీ రాయితీని విడిగా చూపించాలంటే దాన్ని లెక్కల్లో విడిగా దాచుకోవాలి. అప్పుడు రోజు వసూళ్ల నివేదిక మారుతుంది, బకాయి లెక్క మారుతుంది, ఆడిటర్‌కు వెళ్లే పట్టిక మారుతుంది. ఆ పని సపోర్ట్ చేయలేదు. సాఫ్ట్‌వేర్ రాసే బృందం చేయాలి, వాళ్ల ముందు అప్పటికే పనుల వరుస ఒకటి ఉంటుంది. ఆ బృందం నోటి నుంచి తేదీ వచ్చేదాకా ఇది వాగ్దానం కాకూడదు. ‘అడిగి చెబుతాను’ అనడానికి సేల్స్ ఉద్యోగికి పట్టేది ఒక రోజు. అనకపోతే సపోర్ట్ బృందం మూడు నెలల పాటు ప్రతి వారం అదే ప్రశ్నకు అదే తడబాటు సమాధానం ఇస్తుంది. నాలుగో మాట గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సపోర్ట్ పనివేళలు సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర వరకు అయితే ఆ మాటే చెప్పాలి. రాత్రి ఎనిమిదికి పలికేది సేల్స్ ఉద్యోగి సొంత ఫోనే, అదీ సంతకం అయ్యేదాకానే.

ఇక అప్పగింత నోటు. చాలా సంస్థల్లో దీనికి ఒక ఫారం ఉంటుంది, అందులో ముప్పై గడులుంటాయి, సేల్స్ వాళ్లు సగం ఖాళీగా వదిలేస్తారు. పని చేసే నోటు పొట్టిగా ఉంటుంది, కానీ అందులో ఒప్పందంలో లేనివే ఉంటాయి. ఈ బడి విషయంలో అది ఇలా ఉండాలి:

‘నిర్ణయం తీసుకునేది కరస్పాండెంట్ గారు. రోజూ వాడబోయేది ఫీజు కౌంటర్‌లోని గుమాస్తా. ఆమె డెమోకు రాలేదు, కొత్తది వస్తే పని పెరుగుతుందని అనుకుంటున్నట్టుంది. కొన్న కారణం: గత ఏడాది ఎవరి దగ్గర ఎంత బకాయో తేలక వసూలు ఆగిపోయింది. ఇంతకు ముందు సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లు ఆరు నెలల తర్వాత ఫోనెత్తడం మానేశారు, మనమూ అంతేనేమో అన్న భయం ఉంది. నేను ఇచ్చిన మాటలు నాలుగు, కింద ఉన్నాయి. సార్ అన్నది: జూన్ 12న రాని పిల్లల ఇళ్లకు తెలుగులో మెసేజ్ పోవాలి, మిగతావి తర్వాతైనా ఫర్వాలేదు.’

చివరి వాక్యం విలువ ఇక్కడ చూడాలి. కస్టమర్ అన్న మాటను అన్నట్టుగానే రాయడం వల్ల ఏది ముందో సపోర్ట్‌కు అర్థమైంది. ‘ఎస్సెమ్మెస్ ఫీచర్ ముఖ్యం’ అని సేల్స్ భాషలోకి మార్చి రాస్తే తెలుగు, జూన్ 12, రాని పిల్లలు అన్న మూడు వివరాలూ పోతాయి. అలాగే, ‘ఇతర మాటలేమీ ఇవ్వలేదు’ అన్న ఒక గీత కూడా నోటులో ఉండి, దాని కింద సేల్స్ ఉద్యోగి పేరు ఉండాలి. ఆ గీత దగ్గర కలం ఆగినప్పుడే చాలామందికి మరిచిపోయిన మాట గుర్తొస్తుంది.

నోటు పంపితే సరిపోదు, సపోర్ట్ దాన్ని అందుకున్నానని ఒప్పుకోవాలి. అందుకోసం సేల్స్, సపోర్ట్ ఇద్దరూ అరగంట కూర్చుంటారు. సపోర్ట్ అడగాల్సిన ప్రశ్నలు ఎక్కువేమీ ఉండవు. ఏ మాట దగ్గర కస్టమర్ మెత్తబడ్డాడు? దేనికి సూటిగా జవాబివ్వకుండా దాటేశావు? ధర తగ్గించినందుకు బదులుగా ఏమైనా తీసేశామా, ఆ సంగతి కస్టమర్‌కు తెలుసా? మూడో ప్రశ్న చాలాచోట్ల ఎవరూ అడగరు. బేరంలో ఇరవై వేలు తగ్గించినప్పుడు, బడికి వచ్చి రెండు రోజులు శిక్షణ ఇవ్వడం అన్నది కొటేషన్‌లోంచి మాయమై, ఆన్‌లైన్ శిక్షణగా మారి ఉంటుంది. కస్టమర్ గుర్తుంచుకునేది మొదట విన్నదాన్నే. ఈ కూర్చోవడంలో నోటు సరిగా లేదని తేలితే సపోర్ట్ దాన్ని తిప్పి పంపవచ్చు. కస్టమర్‌ను మాత్రం తిప్పి పంపకూడదు. నోటు ఇంకా రాలేదని కస్టమర్ ఫోన్‌కు జవాబివ్వకుండా కూర్చునే బృందాలు ఉన్నాయి. సేల్స్‌తో ఉన్న తగవును కస్టమర్ మీద తీర్చుకోవడం అది.

తర్వాత కస్టమర్‌తో మొదటి సమావేశం. దీన్ని చాలామంది పరిచయాలకూ, సంస్థ గురించి స్లైడ్లు చూపడానికీ వాడుకుంటారు. అసలు పని వేరు. సేల్స్ ఉద్యోగి పక్కనుండగా, సపోర్ట్ బాధ్యుడు ఆ నాలుగు మాటలూ కరస్పాండెంట్‌కు చదివి వినిపించాలి: ‘సార్, మా వాళ్లు మీకు ఇవి చేస్తామన్నారు. నేను సరిగా అర్థం చేసుకున్నానా? ఇంకేమైనా అన్నారా?’ అప్పుడు రెండు రకాల జవాబులు వస్తాయి. ‘అవునండీ, ఇంకొకటి, హాజరు వేలిముద్రతో తీసుకోవచ్చన్నారు’ అని ఐదో మాట బయటపడుతుంది. లేదా ‘మూడేళ్లు అక్కర్లేదు, గత ఏడాదిది ఎక్కిస్తే చాలు’ అని పని తగ్గుతుంది. సేల్స్ ఉద్యోగి అక్కడ ఉండటం ఎందుకంటే, వేలిముద్ర సంగతి తను నిజంగా అన్నాడో, లేక వేలిముద్ర యంత్రం విడిగా కొనుక్కుంటే కలపవచ్చన్నాడో అక్కడికక్కడే తేలిపోతుంది. నెల తర్వాత అయితే ఇద్దరి జ్ఞాపకాలూ రెండు దారులు పడతాయి. ఈ సమావేశానికి గుమాస్తా తప్పనిసరిగా రావాలి. సంతకం కరస్పాండెంట్‌ది అయినా, సాఫ్ట్‌వేర్ నిలిచేదీ కూలేదీ ఆమె బల్ల దగ్గరే.

సమావేశం అయిన రోజే ఒక ఉత్తరం వెళ్లాలి. ప్రతి మాటకూ ఎదురుగా ఎవరు చేస్తారు, ఎప్పటికి, అందుకు కస్టమర్ ఏమివ్వాలి, అయినట్టు ఎలా తెలుస్తుంది అన్నవి రాయాలి. అదే పట్టికను సపోర్ట్ తన దగ్గర ఉంచుకుని ప్రతి వారం సరిచూసుకుంటుంది. బడి పాన్ కాగితాలు మే 25కి అందకపోతే జూన్ 12 తేదీ జారిపోతుందని ఆ ఉత్తరంలోనే ఉండాలి. ఆలస్యానికి బడిని తప్పుపట్టడానికి కాదు; ఆ కాగితం మీదే అంతా ఆధారపడి ఉందని మొదటి రోజే కరస్పాండెంట్‌కు తెలిస్తే ఆయనే ఎవరినో పంపి తెప్పిస్తాడు.

మాట తప్పక తప్పని పరిస్థితీ వస్తుంది. మన ఉదాహరణలో కాగితాలు మే 30న అందాయి, హెడర్‌కు అనుమతి వచ్చింది, తెలుగు నమూనాలు రెండు వెనక్కొచ్చాయి. జూన్ 5 నాటికి, 12న సందేశాలు వెళ్లవని సపోర్ట్‌కు తెలిసిపోయింది. ఇక్కడ సాధారణంగా జరిగే తప్పు, 12వ తేదీ దాకా ఆశపడి ఊరుకోవడం. చేయాల్సింది జూన్ 5నే చెప్పడం. ఆ మాట సపోర్ట్, సేల్స్ ఇద్దరూ కలిసి చెప్పాలి. ఒక్క సపోర్ట్ చెబితే కస్టమర్ వెంటనే సేల్స్ ఉద్యోగికి ఫోన్ చేస్తాడు, అతను ‘నేను మాట్లాడతాను సార్’ అంటాడు, మాట మళ్లీ మొదటికొస్తుంది. చెప్పేటప్పుడు ప్రత్యామ్నాయం చేతిలో ఉండాలి: బడి యాప్ పెట్టుకున్న తల్లిదండ్రులకు యాప్‌లోనే తెలుగు కబురు వస్తుంది, మిగతావారికి మొదటి వారం క్లాస్ టీచర్లు ఫోన్ చేయడానికి వీలుగా రోజూ ఉదయం పదిన్నరకు రాని పిల్లల జాబితా, ఫోన్ నంబర్లతో సహా, సిద్ధంగా ఉంటుంది. ఎస్సెమ్మెస్‌లకు కొత్త గడువు నమూనాల ఆమోదాన్ని బట్టి చెబుతారు. ప్యాకేజీ లెక్క తప్పినందుకు మొదటి మూడు నెలల అదనపు సందేశాల ఖర్చు సంస్థ భరిస్తుంది. ఇలాంటి రాయితీ ఇచ్చే అధికారం ఎవరికి ఎంతవరకు ఉందో ముందే నిర్ణయించి ఉండాలి. లేకపోతే ఆ సంభాషణ ‘మా మేనేజర్‌ను అడుగుతాం’ దగ్గర ఆగిపోతుంది.

అప్పగింత బాగోలేదని తెలిపే గుర్తులు బయటపడటానికి నెల చాలు. కస్టమర్ ఒకే కథను మూడోసారి మూడో మనిషికి చెబుతుంటాడు. చిన్న సందేహానికి కూడా సపోర్ట్ నంబరు వదిలేసి సేల్స్ ఉద్యోగి సొంత ఫోన్‌కు చేస్తుంటాడు. మొదటి ముప్పై రోజుల్లో వచ్చిన ఫిర్యాదులను చదివి, వాటిలో ‘పనిచేయడం లేదు’ అన్నవి ఎన్ని, ‘ఉందన్నారు, లేదు’ అన్నవి ఎన్ని అని వేరు చేస్తే చాలు, లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉందో అప్పగింతలో ఉందో తెలుస్తుంది. రెండో రకం ఫిర్యాదులు ఒకే సేల్స్ ఉద్యోగి కస్టమర్ల నుంచి వస్తుంటే అతనికి నేర్పించాలి. అందరి కస్టమర్ల నుంచీ ఒకే మాట వస్తుంటే అది ఏ ఒక్కరి తప్పూ కాదు. బ్రోచర్‌లోనో డెమోలోనో ఆ మాట రాసి ఉండి ఉంటుంది.

ఎంత మంచి ఫారం పెట్టినా, ఎన్ని సమావేశాలు పెట్టినా కమీషన్ లెక్క వాటికి ఎదురు తిరిగితే అవి నిలవవు. సంతకం రోజునే కమీషన్ మొత్తం చేతికొస్తే, సేల్స్ ఉద్యోగికి ఆ తర్వాతి అరగంట కూడా దండగే. అందుకని కొన్ని సంస్థలు కమీషన్‌లో ఒక భాగాన్ని, సగమో మూడో వంతో, సాఫ్ట్‌వేర్ వాడకం మొదలయ్యాక ఇస్తాయి. కొన్ని సంస్థలు కస్టమర్ మొదటి నెలల్లోనే వెళ్లిపోతే ఇచ్చిన కమీషన్ వెనక్కి తీసుకుంటాయి. రెండింటిలో మొదటిదే మేలు, ఎందుకంటే చేతికొచ్చిన డబ్బు తిరిగి లాక్కోవడం ఏ సంస్థలోనూ సజావుగా సాగదు. కానీ దానికీ ఒక హద్దు ఉండాలి. సపోర్ట్ ఆలస్యం వల్ల వాడకం మొదలవకపోతే సేల్స్ ఉద్యోగి డబ్బు ఆగడం న్యాయం కాదు. ఫలానా తేదీ తర్వాత వాడకం మొదలైనా కాకున్నా మిగతా భాగం ఇచ్చేయాలని రాసుకుంటే ఆ తగవు ఉండదు. మార్చి 31కి ముందు లక్ష్యం చేరుకోవాలన్న తొందరలో ఇచ్చే మాటలకు కూడా కమీషన్‌లో కొంత ఆపడం ఒక కళ్లెం. ఆర్థిక సంవత్సరం చివరి వారంలో కుదిరిన బేరాలను సపోర్ట్ బృందాలు కాస్త అనుమానంగా చూడటం ఊరికే కాదు.

పది మంది లోపు ఉన్న సంస్థల్లో అమ్మినవాడే ఏర్పాటు చేసి, ఫోన్ కూడా ఎత్తుతాడు. అక్కడ ఇదంతా అనవసరమనిపిస్తుంది. ఆ ఒక్కడు ఉద్యోగం మానేసేదాకా అది నిజమే. మాట్లాడుకున్నదంతా అతని సొంత వాట్సాప్‌లో ఉంటుంది, సిమ్ కూడా అతనిదే. మానేసిన మర్నాడు ఇరవై బడుల వాగ్దానాలు అతనితోపాటు వెళ్లిపోతాయి. అలాంటి సంస్థకు నోటు, ఉత్తరం రెండూ చాలు, కమిటీలు అక్కర్లేదు. కస్టమర్‌తో మాట్లాడే ఫోన్ నంబరు మాత్రం సంస్థ పేరున ఉండాలి.

కొనేవారు కూడా దీన్ని పూర్తిగా అమ్మేవారికి వదిలేయనక్కర్లేదు. సాఫ్ట్‌వేరైనా, ఇంటి మీద సోలార్ పలకలైనా, ఆసుపత్రికి యంత్రమైనా, సంతకానికి ముందు రెండు పనులు చేసుకోండి. అమ్మే మనిషి నోటితో అన్నవన్నీ తేదీలతో సహా ఒక ఈమెయిల్‌గా మీరే రాసి, ‘ఇవి సరైనవేనని జవాబివ్వండి’ అని పంపండి. రేపు ఫోన్ ఎత్తబోయేది ఎవరో వాళ్లతో ఒక్కసారి మాట్లాడించమని అడగండి. ఆ రెండింటికీ ఒప్పుకోని సంస్థతో డబ్బు కట్టేముందు ఇంకొక వారం ఆగడం మంచిది.